వేదపనసలో ఉన్న లెక్క

(నక్కపల్లిలో జరిగిన మన సంఘ సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



డి.ఏ. బకాయిల గురించి కార్యదర్శిగారు చెప్పవలసినదంతా చెప్పారు. నన్ను మాత్రం "డబ్బుతో సంబంధం లేని విషయం ఏదైనా ఒక అరగంట చెప్పండి" అని ఆదేశించారు. అందుచేత మనందరం పెళ్ళిళ్ళలో విని, ఏమిటో అడగకుండా వదిలేసిన ఒక మాట గురించి మనవి చేస్తాను. ఆ మాట 'పనస'.

పెళ్ళిలో సంభావనల వేళ బ్రాహ్మణులు వరుసగా నిలబడి తలొక పనస చెబుతారు. మా మనవరాలు చిన్నప్పుడు పండు ఎక్కడ పెట్టారని వెతికింది. అది పండు కాదు. 'పంచాశత్' అన్న సంస్కృత పదం మన నోట్లో నలిగి 'పనస' అయింది. పంచాశత్ అంటే యాభై. వేదంలో యాభై పదాల తునక ఒకటి పనస. అంటే మనం పెళ్ళిలో వింటున్న ఆ ముక్క పేరే ఒక అంకె. వేదం పుస్తకం లేకుండా ఇన్ని తరాలు ఎలా నిలిచిందన్న ప్రశ్నకు సగం జవాబు ఆ అంకెలోనే ఉంది.

మన ప్రాంతంలో వేదం చదువుకున్నవారిలో ఎక్కువమందిది కృష్ణయజుర్వేదం, తైత్తిరీయ శాఖ. దాన్ని మనవాళ్ళు 'ఎనభై రెండు పన్నాలు' అంటారు. ప్రశ్నమే పన్నం. సంహితలో 44, బ్రాహ్మణంలో 28, ఆరణ్యకంలో 10, వెరసి 82. ఇందులో సంహిత ఒక్కదానినే తీసుకుందాం. 7 కాండలు, 44 పన్నాలు, 651 అనువాకాలు, 2198 పనసలు. పదాలు లక్షకు పైన. ఇవి నేను లెక్కపెట్టినవి కావు, చదివినవారు తరతరాలుగా అప్పగిస్తూ వచ్చిన అంకెలు. విశేషమేమిటంటే, ఈ లెక్క ఎక్కడో కరణంగారి దస్త్రంలో లేదు. పాఠంలోనే కలిసి ఉంది. ఒక అనువాకం పూర్తికాగానే, పనసలు ఏ మాట దగ్గర తెగాయో ఆ మాటలను, చివర మిగిలిన పదాలు ఎన్నో ఆ సంఖ్యను కూడా వల్లె వేయిస్తారు. సంహితలో మొట్టమొదటి అనువాకం చిన్నది, ఒక పనసకు కూడా నిండదు. దాని చివర మొదటి మాట, నలభై మూడు అన్న సంఖ్య వస్తాయి. పన్నం చివరికి వచ్చేసరికి అందులోని అనువాకాలు ఏ ఏ మాటలతో మొదలయ్యాయో మరో పట్టీ ఉంటుంది.

నేను తంతి శాఖలో పనిచేసినవాణ్ణి గనక నాకిది ఒక్కసారిగా అర్థమైంది. టెలిగ్రాం సేవ 2013 జూలైలో ముగిసింది, ఇప్పటి పిల్లలకు చెబితే కథలా ఉంటుంది. అవతలి ఆఫీసు నుంచి వార్త పంపేవాడు ముందుగా ఇందులో ఇన్ని పదాలు అని సంఖ్య పంపుతాడు. అందుకునేవాడు వార్త రాసుకుని, పదాలు లెక్కపెట్టి, ఆ సంఖ్యతో సరిచూస్తాడు. కుదరకపోతే మళ్ళీ పంపమంటాడు. నేను చేరిన కొత్తలో ఒక రాత్రి డ్యూటీలో ఒక వార్త తీసుకున్నాను. "మదర్ బెటర్ స్టార్ట్" అని వచ్చింది. అమ్మకు నయంగా ఉంది, బయలుదేరు. అర్థంలో ఏ లోపమూ లేదు. సంఖ్య మాత్రం చిరునామాతో కలిపి 11 అని ఉంది, నా కాగితం మీద 10 ఉన్నాయి. నిద్రమత్తులో వదిలేయబోయి, ఎందుకో మళ్ళీ అడిగాను. మధ్యలో 'డోంట్' పడిపోయింది. బయలుదేరవద్దు అని ఆ వార్త. వాక్యం చూసి తప్పు పట్టలేకపోయేవాణ్ణి, ఎందుకంటే తప్పు వాక్యానికి కూడా చక్కటి అర్థం ఉంది. పట్టించింది అంకె.

వేదం చెప్పేవారి అసలు భయం కూడా అర్థంలేని తప్పు గురించి కాదు. అర్థంలేనిది చెవికి తగులుతుంది. అర్థమున్న తప్పు జారిపోతుంది.

ఇంకొక రకం తప్పు ఉంది, దాన్ని అంకె పట్టలేదు. ఇక్కడ వేదమంత్రాన్ని ముక్కలు చేసి చూపడం బాగుండదు, మన తెలుగు మాటలతోనే చూపిస్తాను. "నీవనిలో నిలిచావు" అని ఎవరో అన్నారనుకోండి. 'నీవు అనిలో నిలిచావు', అంటే నువ్వు యుద్ధంలో నిలబడ్డావనా? 'నీ వనిలో నిలిచావు', అంటే నీ తోటలో నిలబడ్డావనా? కలిపి చెబితే రెండూ ఒకటే ధ్వని. రెండింటిలోనూ పదాలు మూడే. సంధి మాటల అంచులను మింగేసింది. రెండు మూడు తరాలు దీన్ని ఇలాగే కలిపి అప్పగిస్తే, నాలుగో తరంవాడు యుద్ధాన్ని తోట చేసేస్తాడు.

అందుకని సంహితను అలా కలిపి చెప్పడం వచ్చిన తరువాత పదపాఠం చెబుతారు. సంధులన్నీ విప్పి, ఏ పదానికి ఆ పదం విడిగా. నీవు, అనిలో, నిలిచావు. తైత్తిరీయానికి ఇలా పదాలు విడదీసినవాడు ఆత్రేయుడని సంప్రదాయం, ఋగ్వేదానికి శాకల్యుడు. ఆ తరువాత క్రమం. రెండేసి పదాలను జతచేస్తూ, ఒక్కో పదం ముందుకు జరుగుతారు. నీవనిలో, అనిలో నిలిచావు. తరువాత జట. ఒక జతను ముందుకి, వెనక్కి, మళ్ళీ ముందుకి చెప్పాలి. నీవనిలో, అనిలో నీవు, నీవనిలో. వెనక్కి తిప్పగానే ఏమైందో గమనించండి. 'అనిలో నీవు' అన్నప్పుడు అకారం బట్టబయలైంది. పొరపాటున తోట అనుకున్న కుర్రవాడు ఇక్కడ 'వనిలో నీ' అంటాడు. గురువు చెయ్యి ఎత్తుతాడు. దాక్కున్న తప్పు, మాట తిరగబడేసరికి దొరికిపోయింది.

ఘన ఇంకా ముందుకు పోతుంది. మన మూడు మాటలకే ఘన చెబితే ఇలా ఉంటుంది: నీవనిలో, అనిలో నీవు, నీవనిలో నిలిచావు, నిలిచావనిలో నీవు, నీవనిలో నిలిచావు. తరువాత రెండో మాటతో మొదలుపెట్టి మళ్ళీ ఇదే వరస. కాగితం మీద వేసి చూశాను. వాక్యం మధ్యలో ఉండే ఒక పదం క్రమంలో రెండుసార్లు, జటలో ఆరుసార్లు, ఘనలో పదమూడుసార్లు నోట్లోంచి వస్తుంది. ప్రతిసారీ పక్కన వేరే మాట, వేరే సంధి. ఎడమ అంచు, కుడి అంచు అన్ని వైపుల నుంచీ రుద్దుతున్నట్లు ఉంటుంది. పదమూడుసార్లూ ఒకే తప్పు, అన్ని సంధులకూ కుదిరేలా చెయ్యాలంటే అబద్ధాలకోరుకు కూడా సాధ్యం కాదు.

ఎనభై రెండు పన్నాలకు ఎనిమిదేళ్ళ చదువు, ఆపైన క్రమానికి మరికొన్నేళ్ళు, ఘనకు ఇంకొన్ని. ఘనపాఠీ అన్న బిరుదు వెనకాల ఉన్నది ఈ లెక్క.

నాకు ఇందులో సంబంధం ఏమిటని అడగవచ్చు. మా మాతామహులు ఉపమాక దగ్గర పల్లెలో ఉండేవారు. ఎనభై రెండు పన్నాలూ చదివారు. నాకు ఎనిమిదో ఏడు వచ్చాక మూడేళ్ళు ఆయన దగ్గర అరుగు మీద కూర్చున్నాను. సంహితలో ఆరు పన్నాలు వచ్చాయి. తరువాత మా నాన్నగారు నన్ను హైస్కూలుకు పంపారు, అక్కణ్ణుంచి ఉద్యోగం.

ఆ అరుగు మీద చదువు ఎలా సాగేదో చెబుతాను. దాన్ని 'సంత' అంటారు. తాతగారు ఒక తునక ఒకసారి చెప్పేవారు, మేము ఇద్దరు కుర్రవాళ్ళం దాన్ని రెండేసిసార్లు చెప్పేవాళ్ళం. ముందు ఒక మాట, తరువాత రెండు మాటలు, తరువాత సగం వాక్యం, చివరకు మొత్తం. అది కుదిరాక మేమిద్దరమే కూర్చుని వల్లె వేయాలి. మరునాడు కొత్త పాఠానికి ముందు నిన్నటిది, మొన్నటిది, మొదటి నుంచీ అప్పగించాలి. పాడ్యమి, అష్టమి, చతుర్దశి, పున్నమి, అమావాస్యలకు అనధ్యయనం, కొత్త పాఠం లేదు. మాకు అవి ఆదివారాల వంటివి.

ఇద్దరిని ఎందుకు కూర్చోబెట్టేవారో అప్పుడు తెలియలేదు. ఒకడు తడబడితే రెండోవాడి గొంతు వేరే దారిన పోతుంది, ఇద్దరికీ వెంటనే తెలుస్తుంది. వేదంలో ఎక్కువగా జరిగే తప్పు మరచిపోవడం కాదు, దారి తప్పడం. ఒకే మాటల వరస నాలుగైదు చోట్ల వస్తుంది, ఆ తరువాత ఒక్కోచోట ఒక్కోలా సాగుతుంది. రైలు పాయింటు దగ్గర పట్టా మారినట్లు, నాలుక తెలియకుండానే మరో పన్నంలోకి వెళ్ళిపోతుంది. చెప్పేవాడికి హాయిగానే ఉంటుంది, ఎక్కడా ఆగడు. పక్కవాడి గొంతో, అనువాకం చివరి సంఖ్యో మాత్రమే అతన్ని ఆపగలవు.

అర్థం చెప్పేవారు కాదా అని నన్ను చాలామంది అడిగారు. చెప్పేవారు కాదు. ఇది లోపమే. పాణినీయ శిక్షలో అధములైన పాఠకులు ఆరుగురని ఒక పట్టీ ఉంది. రాగాలు తీసేవాడు, పరుగెత్తేవాడు, తల ఊపేవాడు, రాసుకున్నది చూసి చదివేవాడు, అర్థం తెలియనివాడు, గొంతు లేనివాడు. అర్థం తెలియనివాడిని కూడా ఆ వరసలో కూర్చోబెట్టారన్నది చాలామంది పండితులు గుర్తు చేయరు. అయినా నాకొక సందేహం ఉంది. చిన్నప్పుడు అర్థం తెలియకపోవడం ఆ పాఠానికి కొంత రక్ష అయిందేమో. మనకు బాగా అర్థమైన పద్యం చెప్పేటప్పుడు, ఒక మాట గుర్తు రాకపోతే దానికి సరిపడే మరో మాట తెలియకుండానే వేసేస్తాం. అర్థం తెలిసిన నోరు సర్దుకుంటుంది. తెలియని నోరు సర్దుకోలేదు, ఆగిపోతుంది. ఆగినవాణ్ణి గురువు ఎత్తుకోగలడు.

దీనికి ఎదురు సాక్ష్యం మహాభారతమే. అందరికీ అర్థమై, అందరూ చెప్పి, అందరూ రాసుకున్న గ్రంథం. పుణెలోని భండార్కర్ సంస్థవారు 1919 నుంచి 1966 దాకా కూర్చుని దాని శుద్ధప్రతి తయారు చేశారు. 1259 రాతప్రతులు సరిచూడవలసి వచ్చింది. ఉత్తరాది ప్రతికీ దక్షిణాది ప్రతికీ శ్లోకాలకు శ్లోకాలే తేడా. తైత్తిరీయ సంహిత అలా కాదు. గోదావరి ఒడ్డున చదివినవారు, కావేరి ఒడ్డున చదివినవారు ఎదురెదురుగా కూర్చుని కలిసి పారాయణ చేయగలరు. ఉచ్చారణలో యాస ఉంటుంది, పాఠం ఒకటే.

ఇక రాత సంగతి. రాస్తే పోయేదేమిటి? దానికి వేదంలోనే ఒక కథ ఉంది. తన కొడుకు విశ్వరూపుణ్ణి ఇంద్రుడు చంపాడని త్వష్ట కోపించి, ఇంద్రుణ్ణి చంపేవాడు పుట్టాలని హోమం చేశాడు. 'ఇంద్రశత్రు' అన్న మాట వాడాడు. ఆ మాటలో స్వరం చివర పలికితే ఇంద్రుణ్ణి చంపేవాడని, మొదట పలికితే ఇంద్రుడు ఎవణ్ణి చంపుతాడో వాడని అర్థం. త్వష్ట మొదట పలికాడు. వృత్రుడు పుట్టాడు, ఇంద్రుడి చేతిలోనే చచ్చాడు. కాగితం మీద రాసి చూడండి, రెండింటికీ అవే అక్షరాలు, ఒక్క ఒత్తు కూడా తేడా లేదు. కోరినదానికీ దొరికినదానికీ మధ్య ఉన్నది గొంతు ఎత్తిన చోటు మాత్రమే.

తెలుగు లిపిలో అచ్చయిన వేదపుస్తకాలలో దీనికోసమే గుర్తులు వేస్తారు. అనుదాత్తానికి అక్షరం కింద అడ్డగీత, స్వరితానికి పైన నిలువుగీత, ఉదాత్తానికి ఏ గుర్తూ ఉండదు. దీర్ఘంగా సాగే స్వరితానికి పైన రెండు నిలువుగీతలు. చక్కని ఏర్పాటే. కానీ గీత దించమంటుంది గానీ ఎంత దించాలో చెప్పదు. యజుర్వేదులు కొన్నిచోట్ల సున్నాను 'గ్ం' అని ముక్కూ గొంతూ కలిపి పలుకుతారు. పుస్తకంలో ఆ రెండక్షరాలూ అచ్చువేసి ఉంటాయి. వినకుండా చదివినవాడు దాన్ని ఎలా పలుకుతాడో ఊహించండి. ముందు విన్నవాడికి పుస్తకం జ్ఞాపిక, విననివాడికి అది పొడుపుకథ.

అందుకే మనవాళ్ళకు చాలాకాలం రాత మీద గౌరవం లేకపోయింది. పుణె భండార్కర్ సంస్థలో ఉన్న ఋగ్వేద రాతప్రతులు ముప్పైని యునెస్కో 2007లో తన ప్రపంచ స్మృతి పట్టికలో చేర్చింది. వాటిలో అన్నిటికన్నా పాతది 1464 నాటిది. వేదం వయస్సుతో పోలిస్తే అది నిన్నటి కాగితం. మనం ఒప్పుకుంటామా? ఏడాదికోసారి, మనిషి ఎదుట నిలబడి "నేను బతికే ఉన్నాను" అన్నా ట్రెజరీవారు నమ్మరు, లైఫ్ సర్టిఫికెట్ కావాలంటారు. వేదం చదివినవారిది సరిగ్గా దీనికి తిరగబడ్డ పద్ధతి. కాగితం చూపిస్తే నమ్మరు, మనిషి నోరు తెరిచి చెప్పాలి.

ఇంతవరకూ నేను నోటిపక్షం వకాల్తా పుచ్చుకున్నట్లు మాట్లాడాను. ఇప్పుడు రెండో పక్షం.

పతంజలి మహాభాష్యంలో వేదశాఖల లెక్క ఇచ్చాడు. ఋగ్వేదానికి 21, యజుర్వేదానికి 101, సామవేదానికి వెయ్యి, అథర్వవేదానికి 9. ఇవాళ నోట మిగిలినవి వేళ్ళ మీద లెక్కపెట్టవచ్చు. పనసలు, జట, ఘన, ఇవన్నీ పాఠం మారకుండా కాపాడాయి. మనుషులు పోకుండా కాపాడలేవు. చెప్పేవాడు ఒక్కడు మిగిలి, వాడికి శిష్యుడు లేకపోతే, ఒక్క అక్షరం తప్పుపోని పాఠం ఒక్క రాత్రిలో మొత్తం పోతుంది. రాత కొంచెం కొంచెంగా చెదపడుతుంది, నోటిపాఠం ఒక్కసారిగా పోతుంది.

అథర్వవేదంలో పైప్పలాద శాఖ కథ చూడండి. చాలాకాలం పాటు దానికి లోకానికి తెలిసిన ఆధారం కాశ్మీరంలో దొరికిన ఒకే ఒక్క భూర్జపత్ర ప్రతి. అది జర్మనీలోని ట్యూబింగెన్ విశ్వవిద్యాలయానికి చేరింది. 1901లో దాని ఛాయాప్రతి అచ్చయింది. కానీ ఆ ప్రతి తప్పులమయం, చాలాచోట్ల పాఠమే తేలదు. నోటితో సరిచూద్దామంటే ఆ పాఠం చెప్పేవారెవరూ వారికి దొరకలేదు. 1950ల చివర దుర్గామోహన్ భట్టాచార్య అనే పండితుడు మన పొరుగున ఒడిశా పల్లెల్లో తిరిగి, పైప్పలాద శాఖ బ్రాహ్మణ కుటుంబాల ఇళ్ళలో ఆ సంహిత తాటాకు ప్రతులు కనిపెట్టాడు. కాశ్మీర ప్రతికన్నా ఎంతో మెరుగైన పాఠం. అయితే ఆ తాటాకుల మీద స్వరాల గుర్తులు లేవు. మాటలు దొరికాయి, గొంతు దొరకలేదు. దాన్ని నిలబెట్టింది ఏ ఘనపాఠీ కాదు, గంటం పట్టి తాటాకు మీద కొత్తప్రతి ఎత్తిన ఎవరో పల్లెటూరి లేఖకులు. శిక్షాగ్రంథం అధముడన్న లిఖితపాఠకుడు ఇక్కడ పరువు నిలిపాడు.

శిష్యులు ఎందుకు తగ్గారని అడిగితే ఉద్యోగాలని, ఇంగ్లీషు చదువులని అంటాం. అది నిజమే, నేనే దానికి సాక్షిని. కానీ మొదటి నుంచీ తలుపు ఇరుకుగా పెట్టుకున్నారన్నది కూడా చెప్పకపోతే నేను సత్యం దాచినవాణ్ణవుతాను. ఈ సభలో ఉన్నవారిలో చాలామందిని ఆ అరుగు ఎక్కనిచ్చేవారు కాదు. ఆడపిల్లలను అసలే కూర్చోనిచ్చేవారు కాదు. మా అక్క లోపలి గదిలోంచి విని మాకన్నా ముందే నేర్చుకుంది, బయటికి చెప్పడానికి లేదు. కొద్దిమంది మగపిల్లల మీదే ఇంత బరువు వేశాక, వాళ్ళు పట్నం పోతే మోసేవారు ఉండరు.

ఇది వేరొకచోట వేరేలా జరిగింది. నాతో పనిచేసిన ఒక ముస్లిం సోదరుడి కొడుకు హాఫిజ్. ఖురాన్ ముప్పై భాగాలూ కంఠతా వచ్చినవాడు. అక్కడ ఏ కులం, ఏ ఇల్లు అన్న అడ్డు లేదు, ఆడపిల్లలు కూడా హాఫిజాలు అవుతారు. ఆయన చెప్పగా తెలిసింది, రంజాన్ రాత్రి నమాజులో ఒక హాఫిజ్ పారాయణ చేస్తుంటే, వెనక వరుసలో ఇంకొక హాఫిజ్ వింటూ నిలబడతాడట. చెప్పేవాడు తడబడితే వెంటనే అందిస్తాడట. మా అరుగు మీద రెండో కుర్రవాడి పనే అది. వారి సంప్రదాయంలో ఇంకొక మాట ఉంది. ప్రవక్త తరువాత యమామా యుద్ధంలో కంఠతా వచ్చినవారు చాలామంది చనిపోయారనీ, ఆ భయంతోనే మొదటి ఖలీఫా అబూబకర్ దాన్ని రాతలో కూర్చమని ఆజ్ఞ ఇచ్చారనీ చెబుతారు. అంటే వారు ప్రమాదం తొందరగా గుర్తించి రెండూ పెట్టుకున్నారు. నోరూ, కాగితమూ.

మన తెలుగుదేశంలో ఇప్పుడు పరిస్థితి ఏమిటంటే, తిరుమల ధర్మగిరి పాఠశాల వంటి చోట్ల పిల్లలు చదువుతున్నారు. కోనసీమలో నిత్యాగ్నిహోత్రాలు నిలుపుకున్న కుటుంబాల గురించి డేవిడ్ నైప్ అనే అమెరికా ఆచార్యుడు ఏళ్ళ తరబడి వచ్చి పోతూ, వారి మాటల్లోనే ఒక పుస్తకం తెచ్చాడు. 2015లో అచ్చయింది. కొడుకులు, మనవలు కొందరు అధ్యయనం వదిలి వేరే ఉద్యోగాలకు వెళ్ళడం కూడా అందులో దాచకుండా రాశాడు. యునెస్కో 2003లో వేదపఠనాన్ని మానవజాతి మౌఖిక వారసత్వంలో ఒక కళాఖండంగా ప్రకటించింది. సంతోషమే. ప్రకటన వల్ల ఒక పిల్లవాడు అరుగు మీద కూర్చున్నాడా అన్నది వేరే లెక్క.

టేపులున్నాయి కదా, ఇప్పుడు ఫోన్లలో అన్నీ ఉన్నాయి కదా అంటారు. మా మేనమామ చెప్పిన పన్నాలు కొన్ని నేను 1984లో క్యాసెట్టు మీద పట్టించాను. ఇప్పుడు మా అబ్బాయి వాటిని ఫోనులోకి ఎక్కించాడు. రోజూ వింటాను. స్వరం, గ్ం, నిలుపు, అన్నీ ఉన్నాయి, కాగితం ఇవ్వలేనివన్నీ. కానీ టేపు నాకు చెబుతుంది, నేను చెప్పింది వినదు. నేను తప్పు చెబితే ఆగదు. సంతలో సగం పని గురువు చెవిది, ఆ సగం యంత్రంలో లేదు.

ఈ మాట నేను ఊరికే అనడం లేదు. కిందటి ఏడు ఉపమాకలో ఒక పెళ్ళికి వెళ్ళాను. పనసలు చెబుతున్నవారిలో పద్దెనిమిదేళ్ళ కుర్రవాడు ఒకడున్నాడు, వేదపాఠశాల విద్యార్థి. భోజనాలు అయ్యాక అతన్ని పక్కన కూర్చోబెట్టుకుని, "నాకూ కొంచెం వచ్చు బాబూ" అని గొప్పకు పోయి మొదటి కాండంలో ఒక అనువాకం ఎత్తుకున్నాను. రోజూ స్నానం చేస్తూ చెప్పుకునేదే. సగంలో అతను, "తాతగారూ, అక్కడ కాదండీ, మీరు వేరే పన్నంలోకి వెళ్ళారండీ" అన్నాడు.

నాకు కోపం వచ్చింది. అరవై ఏళ్ళుగా చెబుతున్నదాన్ని ఈ కుర్రవాడు తప్పంటాడా అని. అతను వాదించలేదు. "అనువాకం చివర సంఖ్య చెప్పండి తాతగారూ" అన్నాడు. చెప్పాను, అది మరచిపోలేదు. "ఇప్పుడు మీరు చెప్పిన పదాలు లెక్కపెడదామండీ" అన్నాడు. విడదీసి, వేళ్ళు మడుస్తూ ఇద్దరం కలిసి లెక్కపెట్టాం. చివరి పనస దాటాక నాకు రెండు పదాలు ఎక్కువ వచ్చాయి.

ఇంటికి వచ్చి తాతగారి పెట్టెలోని పుస్తకం తీసి చూశాను. కుర్రవాడే ఒప్పు. ఒకేలా మొదలయ్యే మాట రెండుచోట్ల ఉంది, నేను ఎప్పుడో ఉద్యోగంలో చేరాక, పక్కన రెండో గొంతు లేకుండా ఒంటరిగా చెప్పుకుంటున్న రోజుల్లో, పట్టా మారిపోయాను. తరువాత ఎన్ని వేలసార్లు చెప్పానో, అన్నిసార్లూ ఆ తప్పునే గట్టిపరచుకున్నాను. చివర సంఖ్య చెబుతూనే ఉన్నాను, లెక్క మాత్రం ఏనాడూ చూసుకోలేదు. తంతి ఆఫీసులో జీతం తీసుకున్నంతకాలం ప్రతి వార్తకూ చేసిన పని, ఇక్కడ ఒక్కసారి చేయలేదు.

ఆ కుర్రవాడు ఇప్పుడు ఆదివారం ఆదివారం ఫోను చేస్తున్నాడు. నేను చెబుతాను, అతను వింటాడు. ఆ చోటికి వచ్చేసరికి ముందే ఆగి, ఊపిరి పీల్చుకుని, జాగ్రత్తగా కొత్తదారిలో అడుగు పెడతాను. నాలుగుసార్లలో ఒకసారి ఇంకా పాతదారికే పోతోంది. పోయినప్పుడల్లా అవతలి నుంచి "తాతగారూ" అన్న పిలుపు వస్తుంది.